బండి ఫైనాన్స్ అగ్రిమెంటు: సన్న అక్షరాలను ఎక్కడి నుంచి చదవాలి, ఎక్కడ ఆగాలి

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద ఒక బైకు షోరూములో, ఒక మూల బల్ల దగ్గర ఫైనాన్స్ కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మా మేనల్లుడు. వాడు కోవూరులో రొయ్యల మేత దుకాణంలో లెక్కలు రాస్తాడు. బండికి 90,000 లోను, 24 నెలలు, నెలకు 4,575. "వడ్డీ పదకొండు శాతమే సార్" అన్నాడు కుర్రాడు. మావాడు నా చెవిలో, "నూటికి రూపాయి కూడా పడదు మామా, ఊళ్లో ఎవరిస్తారు?" అన్నాడు. లెక్కలు రాసేవాడే అలా అన్నాడంటే మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

ముందుకు తోసిన కాగితాలు ఇరవై ఎనిమిది పేజీలు, అంతా ఇంగ్లీషు. సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిలుతో ఇంటూ గుర్తు. ఇలాంటిదే ప్రామాణిక ఒప్పందం అంటే. ఒక పక్షం ముందే అచ్చు వేయించి పెట్టుకుంటుంది, రెండో పక్షానికి "ఒప్పుకో, లేదా వెళ్లిపో" అనే రెండు దారులే ఉంటాయి. జిమ్ము ఫారమైనా ఇంతే, లోను కాగితమైనా ఇంతే. బేరం ఆడే వీలు లేదు కాబట్టి చదివి ఏం లాభం అనుకుంటారు చాలామంది. లాభం ఉంది, కానీ మొదటి పేజీ నుంచి వరుసగా చదివితే కాదు. నేను చదివే వరుస చెబుతాను.

మొదట అగ్రిమెంటు పక్కన పెట్టి, కేఎఫ్ఎస్ అడగండి

2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త రిటైల్ లోన్లన్నిటికీ, బ్యాంకైనా, ఎన్‌బీఎఫ్‌సీ అనే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ అయినా, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. దాన్నే కేఎఫ్ఎస్ అంటున్నారు. ఇరవై ఎనిమిది పేజీల సారం అందులో ఉంటుంది. అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అందులో ఉన్నది మీకు వివరించి చెప్పాలి. తెలుగులో కావాలని అడగడం హక్కు, గొంతెమ్మ కోరిక కాదు.

మేం అడిగాం. కుర్రాడు కాస్త ఇబ్బందిగా, "అది సిస్టంలో వస్తుంది సార్, సంతకాలయ్యాక మెయిల్‌కి పంపుతాం" అన్నాడు. అక్కడ లేచి నిలబడాలి. సంతకాలయ్యాక వచ్చే కేఎఫ్ఎస్ పెళ్లయ్యాక వచ్చిన శుభలేఖతో సమానం. "ఈ రోజే చేసుకోకపోతే ఆఫర్ పోతుంది" అన్న మాట కూడా వస్తుంది. వారం, అంతకన్నా ఎక్కువ గడువున్న లోనుకు కేఎఫ్ఎస్ ఇచ్చాక కనీసం మూడు పనిదినాలు ఆ షరతులకే వాళ్లు కట్టుబడి ఉండాలి. కాగితం ఇంటికి తెచ్చుకుని చదువుకోవడానికే ఆ మూడు రోజులు. మేం తెచ్చుకున్నాం.

అప్పు ఇచ్చేది రిజర్వు బ్యాంకు దగ్గర నమోదు కాని ఊరి ఫైనాన్స్ అయితే ఈ కేఎఫ్ఎస్ నియమాలు వర్తించవు. షోరూములో కనిపించే పేరు వేరు, అగ్రిమెంటులో అప్పిచ్చేవాడి పేరు వేరు కావచ్చు. అగ్రిమెంటులో ఉన్న పేరునే రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోని ఎన్‌బీఎఫ్‌సీ జాబితాలో చూసుకోండి.

అసలు వడ్డీ ఎంతో మీరే లెక్క వేయండి

పదకొండు శాతం అన్నది అబద్ధం కాదు. అది ఫ్లాట్ వడ్డీ. అంటే 90,000 మీద ఏడాదికి 9,900 చొప్పున రెండేళ్లకు 19,800 వేసి, మొత్తం 1,09,800ని 24 భాగాలు చేశారు. మొదటి కంతు కట్టిన మర్నాటి నుంచే మీ దగ్గర 90,000 ఉండదు, తగ్గుతూ పోతుంది. వడ్డీ మాత్రం చివరి నెల దాకా 90,000 మీదే పడుతుంది. మిగిలిన అసలు మీద లెక్కేస్తే అదే కంతు ఏడాదికి దాదాపు 19.9 శాతం అవుతుంది.

ఇంకా ఉంది. ప్రాసెసింగ్ ఫీజు 1,800, డాక్యుమెంట్ చార్జీలు 600, "లోన్ సురక్ష" పేరుతో ఒక బీమా 2,100. ఈ 4,500 ముందే కోసుకుని షోరూముకు చేరేది 85,500. కంతు మాత్రం 90,000కే. ఫోనులో ఏ షీట్స్ యాప్ అయినా తెరిచి ఒక గడిలో ఇది కొట్టండి:

```
=RATE(24,-4575,85500)*12
```

మొదటిది నెలల సంఖ్య, రెండోది కంతు (ముందు మైనస్ మరవకండి), మూడోది నిజంగా చేతికి లేదా షోరూముకు చేరిన మొత్తం. వచ్చేది 0.253. అంటే ఏడాదికి 25.3 శాతం. మన భాషలో చెప్పాలంటే నూటికి నెలకు రెండు రూపాయల పది పైసలు. మావాడు ఫోను చూసి, "మన మిల్లు షావుకారి దగ్గర తీసుకున్నా రెండు రూపాయలే కదా మామా" అన్నాడు. అదీ సంగతి.

కేఎఫ్ఎస్‌లో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది, చార్జీలన్నీ కలుపుకుని ఏడాదికి పడే అసలు శాతం అది. మీ లెక్క దానికి దగ్గరగా ఉండాలి. బీమా లాంటి మూడో పక్షం చార్జీలు కూడా ఏపీఆర్‌లో కలపాలని నిబంధన. మాకు ఇచ్చిన దాంట్లో 22.7 అని ఉంది. తేడా ఎక్కడుందని వెతికితే బీమాను కలపలేదు. మావాడికి ఆ బీమా అక్కర్లేదు, తీసేయమన్నాం. తీసేశారు, పెద్ద గొడవేం లేదు. అడగనివాళ్లకు మాత్రం అది ఉండిపోతుంది. ఇలాంటి అంశాల మీద ఒక మంచి నిబంధన ఉంది: కేఎఫ్ఎస్‌లో రాయని చార్జీని తర్వాత లోను నడిచే కాలంలో మీ స్పష్టమైన అనుమతి లేకుండా వసూలు చేయకూడదు. అందుకే ఆ కాగితాన్ని ఫోటో తీసి కాదు, అసలు కాపీనే దాచుకోండి.

ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. 25 శాతం ఎక్కువే. కానీ ఎక్కువ అన్న ఒక్క కారణంతో దాన్ని కొట్టేయించడం చాలా కష్టం. బ్యాంకుల విషయంలోనైతే వడ్డీ మితిమీరిందన్న కారణంతో కోర్టులు లెక్క తిరగదోడకూడదని బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 21ఏ సెక్షనే చెబుతుంది. ధర మీద పోరాటం సంతకానికి ముందే, వేరే చోటికి వెళ్లిపోవడం ద్వారా చేయాలి. సంతకం తర్వాత పోరాడగలిగేది షరతుల మీద.

ఇప్పుడు అగ్రిమెంటులో నాలుగు చోట్లకు వెళ్లండి

ఇరవై ఎనిమిది పేజీల్లో బీభత్సం అంతా నాలుగైదు పేరాల్లో ఉంటుంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(46) అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో ఉదాహరణలతో చెబుతుంది: జరిగిన నష్టంతో పొంతన లేని జరిమానా, తగిన రుసుము కడతామన్నా అప్పును ముందుగా తీర్చనివ్వకపోవడం, సరైన కారణం లేకుండా ఒకవైపు నుంచే ఒప్పందం రద్దు చేసే అధికారం, మీ అనుమతి లేకుండా, మీకు నష్టం కలిగేలా ఒప్పందాన్ని మరొకరికి బదలాయించడం, అసమంజసమైన చార్జీ లేదా షరతు, మరీ ఎక్కువ డిపాజిట్. ఈ జాబితా పక్కన పెట్టుకుని చదివితే ఏది మామూలు షరతో, ఏది కాదో తేలిగ్గా పట్టుబడుతుంది.

ముందుగా తీర్చడం గురించిన పేరా చూడండి. బండి లోన్లు మామూలుగా స్థిర వడ్డీవి, కాబట్టి ముందుగా తీరిస్తే రుసుము వేయడం తప్పు కాదు. అది ఎంతో కేఎఫ్ఎస్‌లో ఉండాలి. మాదాంట్లో మిగిలిన అసలు మీద 5 శాతం. ఇక్కడ ఒక మాయ ఉంది. పన్నెండు కంతులు కట్టాక సగం అసలు, అంటే 45,000 తీరిపోయిందని మావాడి లెక్క. నిజానికి తగ్గే బాకీ లెక్కలో ఇంకా 49,420 దాకా మిగులుతుంది, ఎందుకంటే మొదటి కంతుల్లో వడ్డీ పాలు ఎక్కువ. దాని మీద 5 శాతం అంటే మరో 2,470. మొత్తం సుమారు 51,890 కట్టి మూసేస్తే, మిగిలిన పన్నెండు కంతుల 54,900తో పోల్చితే మిగిలేది మూడు వేలు. అందుకోసం చెల్లెలి పుట్టింటి సొమ్ము కుదువ పెట్టాలా అన్నది మీ ఇష్టం. నేనైతే వద్దన్నాను.

బండి స్వాధీనం గురించిన పేరా రెండోది. కంతు తప్పితే బండి తీసుకెళ్లే హక్కు ఒప్పందంలో ఉండొచ్చు. కానీ ఎన్‌బీఎఫ్‌సీలకు రిజర్వు బ్యాంకు పెట్టిన న్యాయవర్తన నియమావళి ప్రకారం ఆ పేరాలోనే, స్వాధీనానికి ముందు ఎన్ని రోజుల నోటీసు, ఏ పరిస్థితుల్లో నోటీసు లేకుండా తీసుకోవచ్చు, ఎలా తీసుకుంటారు, అమ్మే ముందు బాకీ కట్టుకోవడానికి చివరి అవకాశం, బండి తిరిగి ఇచ్చే పద్ధతి, వేలం పద్ధతి అన్నీ రాసి ఉండాలి. "ఎలాంటి నోటీసూ లేకుండా ఎప్పుడైనా" అని ఉంటే దాని చుట్టూ పెన్సిలుతో సున్నా గీసి పెట్టుకోండి. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదు. బలవంతపు మనుషులను పెట్టి బండ్లు లాక్కోవడాన్ని సుప్రీంకోర్టు 2007లోనే తప్పుబట్టింది.

మూడోది, వివాదాల పేరా. మాదాంట్లో అన్ని తగాదాలూ చెన్నైలో, కంపెనీ నియమించే మధ్యవర్తి ముందే తేల్చుకోవాలని ఉంది. నెల్లూరు వాడు వంద రూపాయల చార్జీ మీద కేసుకు మద్రాసు పోడని వాళ్లకు తెలుసు. కానీ మీరు నివాసముండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చని చట్టం సెక్షన్ 34 చెబుతుంది. ఒప్పందంలో మధ్యవర్తిత్వం ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకోదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అయితే జాగ్రత్త, చెన్నై నుంచి మధ్యవర్తి నోటీసు వస్తే చించి పారేయకండి. మీరు వెళ్లకపోతే మీ పరోక్షంలో ఆదేశం వచ్చేస్తుంది. "ఒక పక్షం తనకు తానే నియమించుకున్న ఏకైక మధ్యవర్తిని నేను ఒప్పుకోవడం లేదు" అని రిజిస్టర్డ్ పోస్టులో జవాబు రాయండి. అలాంటి నియామకం చెల్లదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది.

నాలుగోది జరిమానా పేరా. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే మావాడు దెబ్బతిన్నది అక్కడే.

జరిమానా ఎలా పిల్లలు పెడుతుందో చూడండి

ఆ లోనే తీసుకున్నాక, తొమ్మిదో కంతు రోజున ఖాతాలో డబ్బు తక్కువైంది. నలభై రోజులు ఆలస్యంగా కట్టాడు. తర్వాతి కంతులన్నీ టైముకే పోయాయి. ఐదు నెలల తర్వాత ఫోను: "మీకు 830 ఓవర్‌డ్యూ ఉంది, సిబిల్ పాడవుతుంది." వాడికి టెన్షన్. కంతులన్నీ పోయాయి కదా, ఓవర్‌డ్యూ ఎక్కడిది?

ఇలాంటప్పుడు ఫోనులో వాదించకండి. స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్ అడగండి. దాంట్లో కథ ఇలా ఉంది. కంతు వెనక్కి తిరిగినందుకు బౌన్స్ చార్జీ 500. ఆలస్యానికి నెలకు 3 శాతం చొప్పున "పీనల్ ఇంటరెస్ట్" 183. దాని మీద జీఎస్టీ 33. మొత్తం 716. ఇంతవరకు అయితే చిన్న సంగతే. కానీ అగ్రిమెంటులో ఒక వాక్యం ఉంది: వచ్చిన డబ్బును ముందు చార్జీలకు, తర్వాత వడ్డీకి, ఆ తర్వాతే అసలుకు జమ చేస్తారట. కాబట్టి ఆ తర్వాతి కంతు 4,575 రాగానే ముందు 716 కోసుకున్నారు. కంతులో 716 లోటు పడింది. ఆ లోటు మీద మళ్లీ 3 శాతం. మరుసటి నెల ఆ లోటును పూడ్చుకున్నారు, దాంతో ఆ నెల కంతు లోటు. ఇలా ఐదు నెలలు తిరిగేసరికి 830. ఒక్క రోజూ తప్పకుండా కడుతున్నవాడు ప్రతి నెలా ఎగవేతదారుగా కనిపిస్తాడు.

దీని మీద రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న స్పష్టమైన ఆదేశాలిచ్చింది. కొత్త లోన్లకు అవి 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. షరతు తప్పినందుకు వేసేది జరిమానా చార్జీగానే ఉండాలి, వడ్డీ రేటుకు కలిపే పీనల్ ఇంటరెస్టుగా కాదు. ఆ చార్జీని అసలులో కలపకూడదు, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. మొత్తం కూడా తప్పిన షరతుకు తగినంతే ఉండాలి. పైగా ఇలాంటి జరిమానా చార్జీల మీద జీఎస్టీ లేదని 2025 జనవరిలో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు వివరణ ఇచ్చింది. ముందు చార్జీలకు జమ చేసి కంతులో లోటు చూపడం అంటే చార్జీ మీద వడ్డీని దొడ్డిదారిన తేవడమేనని నా వాదన.

మేం రాసిన ఉత్తరం ఇంతే:

"నా లోను ఖాతాలో ఫలానా తేదీన వేసిన పీనల్ ఇంటరెస్ట్ 183, దానిపై జీఎస్టీ 33, ఆ తర్వాత ఐదు నెలల్లో దాని మీద వేసిన 114 రూపాయలకు వివరణ ఇవ్వండి. రిజర్వు బ్యాంకు 18-08-2023 ఆదేశాల ప్రకారం జరిమానా చార్జీ మీద వడ్డీ వేయరాదు. 33, 114 వెనక్కి జమ చేసి, ఖాతాలో ఓవర్‌డ్యూ తొలగించి, క్రెడిట్ సంస్థలకు సరిచేసిన సమాచారం పంపండి. బౌన్స్ చార్జీ 500, ఆలస్యపు చార్జీ 183 నేను విడిగా కడుతున్నాను."

చివరి వాక్యం ముఖ్యం. తప్పు మనవైపు ఎంత ఉందో అంత ఒప్పుకుని కట్టేస్తే మిగిలిన తగాదా శుభ్రంగా కనిపిస్తుంది. కోపంతో కంతు ఆపేస్తే మాత్రం వాళ్ల తప్పు మాటున మీ తప్పు పెద్దదవుతుంది, బండి కూడా పోవచ్చు. ఉత్తరం కేఎఫ్ఎస్‌లో ఉన్న నోడల్ అధికారి మెయిల్‌కి పంపండి. బ్రాంచి కౌంటర్లో నోటితో చెప్పింది చెప్పనట్టే లెక్క.

ఇరవై రెండో రోజున 147 వెనక్కి పడింది. డబ్బు చిన్నదే, ఓవర్‌డ్యూ మాత్రం సున్నా అయింది. రెండు నెలల తర్వాత క్రెడిట్ రిపోర్టు తీసి చూసుకున్నాం, సరిచేశారు.

వాళ్లు పలకకపోతే

రిజర్వు బ్యాంకు పరిధిలోని సంస్థ అయితే ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెట్టొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. చార్జీల తగాదాలకు నా ఓటు దీనికే. కానీ ముందు కంపెనీకి రాసిన ఉత్తరం కాపీ లేకపోతే అక్కడ తిరగ్గొడతారు.

జిమ్ము, కోచింగ్ సెంటరు లాంటి వాటికి అంబుడ్స్‌మన్ లేడు. అక్కడ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆపైన జిల్లా కమిషన్. నెల్లూరు వాళ్లకు నెల్లూరులో, ప్రకాశం వాళ్లకు ఒంగోలులో ఉంది. చెల్లించిన ప్రతిఫలం ఐదు లక్షల లోపైతే ఫీజు సున్నా. వివాదం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి.

ఇక్కడ లాయర్లు కూడా తడబడే మెలిక ఒకటుంది. "ఈ షరతు అన్యాయం, చెల్లదని ప్రకటించండి" అని అడిగే అధికార పరిధి జిల్లా కమిషన్‌కు లేదు. పది కోట్ల లోపు అన్యాయ ఒప్పందాల ఫిర్యాదులు రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి, షరతును రద్దు చేసే అధికారం సెక్షన్ 49 ప్రకారం దానికే. మూడు వేల తగాదాకు అంతదూరం అక్కర్లేదు. అదే సంగతిని సేవా లోపంగా, అన్యాయ వ్యాపార పద్ధతిగా రాసి "ఇంత డబ్బు తిరిగి ఇప్పించండి" అని జిల్లా కమిషన్‌లోనే అడగొచ్చు. గతిలేక చుక్కల గీత మీద సంతకం పెట్టిన ఏకపక్ష షరతులు కొనుగోలుదారును కట్టిపడేయవని సుప్రీంకోర్టు 2019లో ఒక ఫ్లాట్ల కేసులో చెప్పింది. ఆలస్యమైతే కొనేవాడు 18 శాతం వడ్డీ కట్టాలి, బిల్డరుకు మాత్రం అంత బాధ లేదు, అలాంటి ఒప్పందం అది. మీ కాగితంలో కూడా అలాంటి రెండు తూకాలు ఉన్నాయేమో వెతికి, పక్కపక్కన రాసి పెట్టండి. కమిషన్ ముందు అంతకన్నా తేలిగ్గా అర్థమయ్యే వాదన ఉండదు.

సంతకం పెట్టే రోజు చేతిపని

ఖాళీ గడులున్న చోట సంతకం వద్దు; గడిలో గీత కొట్టి పెట్టండి. ఆటో డెబిట్ ఫారంలో గరిష్ఠ మొత్తం అని ఒక గడి ఉంటుంది, కంతు 4,575 అయితే అక్కడ పదివేలో ఇరవై వేలో రాసి ఉంచుతారు. కంతుకు దగ్గరగా రాయించండి. అనుబంధాలతో సహా అగ్రిమెంటు కాపీ అడిగి తీసుకోండి, ఇవ్వాల్సిందే. స్నేహితుడికి షూరిటీ సంతకం పెడుతున్నవాళ్లు కూడా ఇదంతా చదవాలి, ఎందుకంటే బాకీకి వాళ్లూ అప్పు తీసుకున్నవాడితో సమానమే.

చివరి కంతు కట్టాక పని అయిపోలేదు. ఎన్ఓసీతో పాటు ఫారం 35 మీద కంపెనీ సంతకం తీసుకుని ఆర్టీఓ దగ్గర ఆర్సీ నుంచి హెచ్‌పీ, అంటే బండి మీద అప్పు ఉందన్న నమోదు, తీయించుకోవాలి. మావాడికి ఇంకా ఏడు కంతులు ఉన్నాయి. కేఎఫ్ఎస్, స్టేట్‌మెంట్లు, ఆ 147 రూపాయల మెయిల్ అన్నీ బండి సీటు కింద కాదు, ఇంట్లో బియ్యం డబ్బా పక్కన ఒక కవరులో ఉన్నాయి.